గిరిప్రదక్షిణ మధ్యలో కూర్చుండిపోయిన మనిషి: ఒక యురేనస్ సమసప్తకం కేసు

2024 ఆగస్టు మొదటి వారంలో ఒక భార్యాభర్తలు మా ఇంటికి వచ్చారు. ఆవిడకి ఇంకో పదిరోజుల్లో 43 నిండుతాయి. పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ మేనేజరు, అక్కడే పదిహేడేళ్ళుగా పని. ఆయన పోర్టులో ఇంజనీరు. ఎంవీపీ కాలనీలో సొంత ఫ్లాటు, తొమ్మిదో తరగతి చదివే కొడుకు, ఇంట్లో అత్తగారు. పైకి చూస్తే ఏ లోటూ లేని సంసారం. అనుమతి తీసుకునే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, జాతకం మాత్రం మార్చలేదు.

ముందు మాట్లాడింది ఆయనే. "మాస్టారూ, ఏలినాటి శని ఆఖరి పాదం నడుస్తోందని అందరూ అంటున్నారు. మందపల్లి వెళ్ళి తైలాభిషేకం చేయించాం. శనివారాలు ఉపవాసం కూడా ఉంటోంది. అయినా తగ్గట్లేదు."

ఏం తగ్గట్లేదని అడిగితే ఆయన ఆవిడ వైపు చూశారు. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గిరిప్రదక్షిణ సంగతి చెప్పింది.

ఆఫీసు ఆడవాళ్ళతో కలిసి ఏటా సింహాచలం గిరిప్రదక్షిణ చేస్తుంది. 32 కిలోమీటర్లు. ఆ ఏడు జూలై 20న సాయంత్రం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరారు. అప్పూఘర్ దగ్గరికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. అక్కడ అందరూ సముద్రంలో మునిగి మళ్ళీ నడక మొదలుపెడతారు. ఈవిడ మునిగి వచ్చి, తడిచీరతోనే ఇసుకలో కూర్చుంది. లేవలేదు. తోటివాళ్ళు కాళ్ళు నొప్పులేమో అనుకున్నారు. "కాళ్ళు బాగానే ఉన్నాయండి. మళ్ళీ అదే రోడ్డు, అదే చుట్టు, మళ్ళీ బయల్దేరిన చోటికే రావడం. ఎందుకు తిరగాలి అనిపించింది. దేవుడి మీద కోపం లేదు. చుట్టు మీదే కోపం వచ్చింది." తెల్లారేదాకా అక్కడే ఉండి, పది నిమిషాల దూరంలో ఉన్న ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే నడుము దాకా ఉండే జడని భుజాల పైకి కత్తిరించుకుంది. ఫోన్‌లో రాజీనామా ఉత్తరం రాసి డ్రాఫ్టులో పెట్టుకుంది. ఫ్లాటు అమ్మేద్దామంది. భీమిలిలో గది అద్దెకు తీసుకుని ఒక్కతే ఉంటానంది. ఇవన్నీ పదిహేను రోజుల్లోనే. ఆయన అడగలేక అడిగిన ప్రశ్న మధ్యలో ఎవరైనా ఉన్నారా అని. ఎవరూ లేరు. నేను ఆవిడతో విడిగా మాట్లాడాను, ఆ మాట నమ్మాను. ఈ వయసులో ఇలాంటి కేసు వస్తే ఇంట్లోవాళ్ళు మొదట అనుమానించేది దాన్నే.

జాతకం: 1981 ఆగస్టు మధ్యలో, పొద్దున్న ఏడు ప్రాంతంలో, విశాఖపట్నంలోనే పుట్టింది. సింహ లగ్నం, మకర రాశి, శ్రవణా నక్షత్రం. మకరరాశి కాబట్టి ఏలినాటి శని నిజంగానే చివరి దశలో ఉంది, 2025 మార్చి 29న శని మీనంలోకి మారితే పోతుంది. దానికితోడు గురు మహర్దశ పోయి శని మహర్దశ వచ్చింది కూడా 2024లోనే. అంటే శని మీద నేరం మోపడానికి రెండు సాక్ష్యాలు ఉన్నాయి. అందరూ శనే అనడంలో తప్పు లేదు. నేను కూడా మొదటి పది నిమిషాలు అదే అనుకున్నాను.

మనసు మార్చుకున్నది ఆవిడ మాట తీరు చూసి. శని పట్టినవాళ్ళు బరువుగా మాట్లాడతారు. "నా వల్ల కావట్లేదు, ఎప్పుడు తీరుతుందో" అంటారు. పని ఆలస్యం, డబ్బు ఇరుకు, పెద్దల అనారోగ్యం, ఇలా బయట ఏదో ఒకటి కనిపిస్తుంది. ఈవిడకి బయట ఏదీ చెడలేదు. ఆ ఏడాది జీతం కూడా పెరిగింది. గొంతులో ఉన్నది అలసట కాదు, తొందర. "ఇప్పుడు వెళ్ళకపోతే ఇంకెప్పటికీ వెళ్ళలేను" అన్న మాట గంటలో నాలుగుసార్లు అంది. ఎక్కడికి అంటే మాత్రం చెప్పలేదు. గమ్యం లేని తొందర కనిపిస్తే నేను యురేనస్ ఎక్కడుందో చూస్తాను.

యురేనస్ నవగ్రహాల్లో లేదు. దాన్ని 1781లో విలియం హెర్షెల్ కనిపెట్టాడు, అందుకే మన పాత పంచాంగకర్తలు కొందరు హర్షల్ అని రాసేవారు. పరాశరుడు చెప్పని గ్రహాన్ని లెక్కలోకి తీసుకోకూడదనే పెద్దలు మన ఊళ్ళోనే ఉన్నారు, వాళ్ళతో నాకు గొడవ లేదు. నేను దానికి రాశ్యాధిపత్యం ఇవ్వను, దశ ఇవ్వను. గోచారంలో మాత్రం చూస్తాను. సూర్యుడి చుట్టూ తిరగడానికి దానికి 84 ఏళ్ళు పడుతుంది. సగం తిరిగేసరికి, పుట్టినప్పుడు ఉన్న చోటికి సరిగ్గా ఎదురుగా, ఏడో రాశిలో అదే డిగ్రీకి వస్తుంది. అదే యురేనస్ సమసప్తకం. 84లో సగం 42 కదా అని అందరికీ 42లో రాదు. కక్ష్య కాస్త కోలగా ఉండటం వల్ల కొన్ని రాశుల్లో వేగంగా, కొన్నింట్లో నెమ్మదిగా నడుస్తుంది. 1955లో పుట్టినవాళ్ళకి 39, 40 మధ్యలోనే వచ్చేసింది. 1971 వాళ్ళకి 42లో వచ్చింది. ఈవిడలాగా 1981లో పుట్టినవాళ్ళకి 43 దగ్గర పడింది.

ఆవిడ పుట్టినప్పుడు యురేనస్ నిరయనంలో, అంటే నక్షత్రాలని బట్టి కొలిచే మన లెక్కలో, వృశ్చికం మొదట్లో, సుమారు 2 డిగ్రీల 20 నిమిషాల దగ్గర ఉంది. విశాఖ నాలుగో పాదం. విశాఖపట్నంలో పుట్టి విశాఖలో యురేనస్ అని ఆవిడతో సరదాగా అన్నాను, నవ్వలేదు. సింహ లగ్నానికి అది నాలుగో ఇల్లు. ఇల్లు, వాకిలి, మనశ్శాంతి చూసే స్థానం. గోచార యురేనస్ వృషభంలో, పదో ఇంట్లో, అంటే ఉద్యోగ స్థానంలో ఉంది. లాగేది ఆఫీసు వైపు నుంచి, ఊగేది ఇల్లు అన్నమాట.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ కొన్ని నెలల్లో పుట్టిన లక్షలమందికి ఇదే సమసప్తకం, ఇవే తేదీలు. అందరూ జడలు కత్తిరించుకోలేదు. ఒక తరం మొత్తానికి ఉన్న గోచారాన్ని ఒక మనిషికి అంటగట్టేముందు, ఆ మనిషి జాతకంలో యురేనస్‌కి ప్రత్యేకమైన పట్టు ఉందో లేదో చూడాలి. ఈవిడ విషయంలో ఉంది. 1981 ఆగస్టు మొదటి వారంలో యురేనస్ వెనక్కి నడిచే వక్రం వదిలి దాదాపు కదలకుండా నిలబడింది, ఆ తర్వాత పదిరోజులకే ఈవిడ పుట్టింది. స్తంభించిన గ్రహానికి బలమెక్కువ. లగ్నం నుంచి కేంద్రంలో కూడా ఉంది. ఈ రెండూ లేకపోతే నేను యురేనస్ పేరు ఎత్తేవాణ్ణి కాదు, శని దగ్గరే ఆగేవాణ్ణి.

మరో పరీక్ష కూడా చేస్తాను. సమసప్తకానికి సగం వయసులో, 21 దగ్గర, యురేనస్ తన జన్మస్థానానికి నాలుగో రాశిలోకి వస్తుంది. ఈవిడకి అది 2002. "2002లో ఏం జరిగింది?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది. ఆ ఏడాది ఆంధ్ర యూనివర్సిటీలో సముద్రానికి సంబంధించిన కెమిస్ట్రీ ఎమ్మెస్సీ మధ్యలో మానేసింది. నాన్నగారికి పక్షవాతం వచ్చింది, ఇంటికి జీతం కావాలి, మందుల కంపెనీలో ఉద్యోగం దొరికింది. తర్వాత దూరవిద్యలో మామూలు కెమిస్ట్రీతో ఎమ్మెస్సీ పూర్తి చేసింది. అది చెప్పేటప్పుడు గొంతులో బాధ లేదు, ఆ సంగతే మర్చిపోయినట్టుంది. నేను ఆ తేదీని కాగితం మీద రాసి గీత గీశాను. 43లో తన్నుకొచ్చేది కొత్త కోరిక అనుకుంటాం గానీ, నేను చూసిన కేసుల్లో ఎక్కువసార్లు 21లో మూత పెట్టిన గిన్నే మళ్ళీ పొంగుతుంది.

జాతకం పక్కన పెట్టి ఒక పని చెప్పాను. డాక్టరుని చూడమన్నాను. 43 ఏళ్ళ ఆడమనిషికి నిద్ర పట్టకపోవడం, గుండెదడ, చిరాకు అంటే గోచారం కన్నా ముందు రక్తపరీక్ష చూడాలి. థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 9.2. నెలసరి గజిబిజిగా ఉండి రక్తం ఎక్కువ పోతోంది, ఎవరికీ చెప్పలేదు. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక ఆరు వారాల్లో నిద్ర కుదుటపడింది, దడ తగ్గింది. తొందర మాత్రం తగ్గలేదు. తగ్గి ఉంటే ఈ కేసు అక్కడితో అయిపోయేది.

ఇప్పుడు అసలు విషయం. యురేనస్ ఏడాదికి సుమారు 4 డిగ్రీలే ముందుకు పోతుంది. అందులో అయిదు నెలలు వక్రంలో వెనక్కి నడుస్తుంది. అందుకే ఒకే డిగ్రీని సాధారణంగా మూడుసార్లు దాటుతుంది: ముందుకు పోతూ ఒకసారి, వెనక్కి వస్తూ ఒకసారి, మళ్ళీ ముందుకు పోతూ ఒకసారి. ఈవిడకి ఆ మూడూ 2024 జూలై ఆఖరు, 2024 అక్టోబరు, 2025 మే. ఒక్క రోజుకి పేలే టపాకాయ కాదిది. అటూ ఇటూ ఒక డిగ్రీ దాకా వేడి ఉంటుంది, అంటే మొత్తం మీద ఏడాది.

ఈ మూడు స్పర్శలనీ నేను వాడే పద్ధతి ఒకటుంది, అది నా సొంత తప్పులోంచి వచ్చింది. నేను 1966లో పుట్టాను. 2007లో, 41లో, నాకు ఇదే వచ్చింది. ఒక హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. మొదటి స్పర్శకే రాజీనామా కాగితం హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి వచ్చేశాను. మూడోసారికి తెలిసింది, నాకు విసుగొచ్చింది బడి మీద కాదు, అక్కడి రాజకీయాల మీద అని. జ్యోతిషం చెప్పుకోవాలంటే ఉద్యోగం మానక్కర్లేదు, సాయంత్రాలు చాలు. ఇవాళ్టికీ జూన్‌లో బడిగంట వినిపిస్తే కాస్త గిలి. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్ళతో మొదటి స్పర్శకి ఏ పనీ చేయించను. రాయిస్తాను.

ఆవిడకి ఒక పాత డైరీ ఇచ్చాను. ఏమేం వదిలేయాలనిపిస్తోందో, ఏమేం కావాలనిపిస్తోందో, తేదీ వేసి, ఎవరికీ చూపించకుండా రాయమన్నాను. ఒక్క నియమం: "ఉద్యోగం మానేయాలి" అని రాయకూడదు. ఉద్యోగంలో ఏది భరించలేకపోతున్నారో అది రాయాలి. "ఇల్లు అమ్మాలి" అని కాదు, ఇంట్లో ఏ మూల నిలబడితే ఊపిరాడటం లేదో అది. మొదటిసారి తొమ్మిది వాక్యాలు వచ్చాయి. ఆవిడే చదివి వినిపించింది. ఆదివారం అత్తవారి చుట్టాల భోజనాలు, చెల్లెలి ఫోన్లు, ఆయన టీవీ శబ్దం, కారు నేర్చుకోకపోవడం, ఇలా. అందులో రెండు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఒకటి: "కిటికీ లేని గదిలో ఇంకో పదిహేనేళ్ళు ఉండలేను." ఆవిడ ల్యాబ్‌లో ఎప్పుడూ ఏసీ, ఎప్పుడూ ట్యూబులైటు, వాన పడిందో లేదో సాయంత్రం బస్సెక్కేదాకా తెలియదు. రెండోది: "బాల్కనీ గ్రిల్."

ఆ గ్రిల్ సంగతి అడిగాను. సముద్రం గాలికి మన ఊళ్ళో ఇనుము నిలవదని అందరికీ తెలుసు. రెండేళ్ళకోసారి గీకి రెడ్‌ఆక్సైడ్ కొట్టి, పైన రంగు వేయిస్తారు. మళ్ళీ వెల్డింగు అతుకుల దగ్గర మొదలవుతుంది తుప్పు. రాత్రిళ్ళు నిద్ర పట్టక ఆ గ్రిల్ పట్టుకుని నిలబడితే, పొద్దున్న అరచేతుల నిండా ఎర్రటి గీతలు. "జైలు ఊచల్లా అనిపిస్తాయండి. కానీ నేనే రంగు వేయిస్తున్నాను, నేనే డబ్బులిస్తున్నాను" అంది. పూజలూ శాంతులూ ఏమైనా చేయాలా అని ఆయన అడిగారు. యురేనస్‌కి శాస్త్రంలో శాంతి లేదు. యురేనస్ శాంతి చేయిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండని చెప్పాను.

తర్వాత నేను చేసిన పొరపాటు. రెండో స్పర్శ తేదీని నేను "అక్టోబరు 25 అటూ ఇటూ" అని చెప్పాను. దసరా సెలవులు హాయిగా గడపండి, దీపావళికి ముందు వారం మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి అన్నాను. అక్టోబరు 10న రాత్రి పదింటికి ఆయన ఒక్కరే మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కి అరకు వెళ్ళిపోయింది. ఇంట్లో చీటీ పెట్టింది గానీ ఫోన్ ఆఫ్. "ఏటి మాస్టారూ ఇది, ఇరవై అయిదు అన్నారు కదా" అన్నారాయన, ఏడవలేక.

లెక్క మళ్ళీ తీశాను. సాఫ్ట్‌వేర్‌లో అంతకుముందు ఎవరికో సాయనంలో, అంటే విషువత్తు నుంచి కొలిచే పాశ్చాత్య లెక్కలో, చూసి, సెట్టింగ్ మార్చకుండా ఈవిడ గోచారం తీశాను. మామూలుగా ఇది పెద్ద తేడా కాదనిపిస్తుంది, జన్మ గ్రహాన్నీ గోచార గ్రహాన్నీ రెండింటినీ సాయనంలోనే చూస్తే ఎదురుబొదురు లెక్క అదే కదా అని. కాదు. ఆ రెండు లెక్కల మధ్య తేడా అయనాంశ, అది ఏడాదికి సుమారు 50 వికలలు జరుగుతుంది. 60 వికలలు ఒక నిమిషం కాబట్టి 43 ఏళ్ళకి అది 36 నిమిషాలు. వేగంగా నడిచే చంద్రుడికి ఆ తేడా గంటలో దాటిపోతుంది. రోజుకి రెండు మూడు నిమిషాలు నడిచే యురేనస్‌కి అది రెండు వారాలు. లాహిరి అయనాంశతో నిరయనంలో రెండో స్పర్శ అక్టోబరు 9 దగ్గర పడింది, సాయనంలో 25 దగ్గర. వక్రంలో ఉంది కాబట్టి నిరయనం తేదీ ముందొచ్చింది. రుజుగతిలో అయితే తర్వాత వస్తుంది: జూలైలో సాయనం 8 ప్రాంతం, నిరయనం 23 ప్రాంతం. ఈ ఒక్క కేసుతో సాయనమా నిరయనమా అని నేను తేల్చను, ఒక డిగ్రీ వెసులుబాటు ఇస్తే రెండు తేదీలూ లోపలే ఉంటాయి. కానీ నిరయన జాతకం వేసి సాయన గోచారం చెప్పడం తప్పు, ఆ తప్పు నాది. ఆయనకి అదే చెప్పాను.

అరకులో ఆవిడ చేసిందేమీ లేదు. రెండు రాత్రులు లాడ్జిలో పడుకుంది, పన్నెండు గంటలు ఒకసారి, పది గంటలు ఒకసారి. దసరా రోజు సాయంత్రానికి ఇంటికి వచ్చేసింది. అత్తగారు గుమ్మంలో దిష్టి తీసి, ఒక్క మాట అడగకుండా చారన్నం పెట్టారట. ఆ పెద్దావిడ గురించి విడిగా రాయాలి ఎప్పుడైనా. డైరీలో రెండోసారి రాసినవి అయిదు. ఆదివారం భోజనాలు లేవు, చెల్లెలు లేదు, టీవీ లేదు. ఒంటరిగా ఉండాలన్నది కూడా లేదు. "రెండు రాత్రులకే చాలనిపించింది" అంది. కిటికీ ఉంది. గ్రిల్ ఉంది. కొత్తగా ఒకటి: "ఉప్పునీళ్ళు పరీక్ష చెయ్యడం నాకు వచ్చు."

అదెక్కడిదంటే, సెప్టెంబరు నుంచి ఆదివారాలు స్కూటీ మీద భీమిలి దాకా వెళ్ళి రావడం అలవాటు చేసుకుంది. ఆ దారిలో తీరం పొడుగునా రొయ్యపిల్లల హ్యాచరీలు. ఒకచోట ఆగి టీ తాగుతూ మాటల్లో పడితే, నీళ్ళలో అమ్మోనియా పెరిగి పిల్ల చచ్చిపోతోందని వాళ్ళు చెప్పుకుంటున్నారు. నీటి నాణ్యత చూసే మనిషి మానేశాడు. ఈవిడ ఉప్పదనం, పీహెచ్, అమ్మోనియా ఎలా చూస్తున్నారని అడిగింది. వాళ్ళు చూపించిన కిట్టు గడువు దాటి ఉంది. అక్కడే నిలబడి అరగంట క్లాసు తీసుకుందట. నాకు చెప్పేటప్పుడు మొదటిసారి నవ్వింది.

ఆయనతో నేను డబ్బు మాట్లాడాను, ఎందుకంటే ఈ గోచారంలో సంసారాలు చెడేది కోరిక వల్ల కాదు, లెక్క చూసుకోకపోవడం వల్ల. ఫ్లాటు ఈఎంఐ నెలకి 31,000, ఇంకా ఆరేళ్ళు ఉంది. ఆవిడ జీతం ఆగిపోతే ఆయన జీతంతో ఇల్లు నడుస్తుంది, ఈఎంఐ మాత్రం ఇరుకు. ఏడాది ఈఎంఐ విడిగా బ్యాంకులో పడేదాకా డ్రాఫ్టులోని ఉత్తరం డ్రాఫ్టులోనే ఉండాలన్నాను. అప్పటికి వాళ్ళ దగ్గర ఎనిమిది నెలలకి సరిపడా ఉంది. మిగతా నాలుగు నెలలది మే లోపు జమచేయడం కుదిరే పనే.

2025 మార్చి 29న శని మీనంలోకి మారాడు. మర్నాడే ఉగాది. అత్తగారు ఫోన్ చేసి, "పీడ వదిలిపోనాది బాబూ" అని సంతోషంగా చెప్పారు. నేను సరేనన్నాను. ఏప్రిల్‌లో ఇల్లంతా నిజంగానే తేలికపడింది. ఇక్కడ తేలాలి, ఏది శనిదో ఏది యురేనస్‌దో. అంతా శని పనే అయితే మే నెల మామూలుగా గడవాలి. మే రెండో వారంలో, మూడో స్పర్శకి, ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. నిద్ర మళ్ళీ తగ్గింది, అదే తొందర. ఈసారి తేడా ఏమిటంటే గొంతులో దడ లేదు, ఎక్కడికో చెప్పగలుగుతోంది. శని మహర్దశ అప్పటికీ నడుస్తూనే ఉంది కాబట్టి ఇది పూర్తి రుజువు కాదని ఒప్పుకుంటాను. అయినా నా మట్టుకు తూకం యురేనస్ వైపే మొగ్గింది.

మూడోసారి డైరీలో మూడే వాక్యాలు. కిటికీ, ఉప్పునీళ్ళు, గ్రిల్. మొదట రాసిన తొమ్మిదిలో రెండు నిలిచాయి, రెండోసారి వచ్చినదొకటి నిలిచింది. జడ విషయం ఎక్కడా లేదు, మళ్ళీ పెంచుతోంది. ఫ్లాటు అమ్మడమూ లేదు. మొదటి స్పర్శకే తోచినట్టు చేసి ఉంటే ఇల్లు అమ్ముడుపోయి ఉండేది, ఆయన విడిగా ఉండేవారు, కిటికీ లేని గది మాత్రం ఇంకో కంపెనీలో అలాగే ఉండేది.

జూన్‌లో రాజీనామా ఇచ్చింది. మూడు నెలల నోటీసు. సెప్టెంబరు నుంచి భీమిలి వైపు రెండు హ్యాచరీలకి వారానికి నాలుగు రోజులు నీళ్ళు చూస్తోంది. ఆదాయం పాత జీతంలో సగం కూడా లేదు. వానాకాలంలో స్కూటీ మీద పోవడం కష్టమని కారు నేర్చుకుంటోంది. నేను చెప్పిన వాటిలో ఇంకొకటి తప్పింది: నాలుగో ఇంట్లో యురేనస్ కాబట్టి ఇల్లు మారడం ఖాయం అనుకున్నాను, ఆయనతో అన్నాను కూడా. ఇల్లు మారలేదు.

2026 ఫిబ్రవరి మొదటి వారంలో ఫోన్ వచ్చింది. "మాస్టారూ, మళ్ళీ ఏదో అవుతోంది. ఇది కూడా వదిలేయాలా ఏమిటి?" గోచారం తీశాను, ఈసారి సెట్టింగ్ రెండుసార్లు చూసుకుని. ఫిబ్రవరి 4న యురేనస్ వక్రం వదిలి నిలబడింది. ఆవిడ జన్మ యురేనస్ ఎదుటి బిందువుకి ఒక డిగ్రీ లోపలిదాకా వెనక్కి వచ్చి, తాకకుండా ఆగిపోయింది. నాలుగో స్పర్శ లేదు, దాని నీడ మాత్రం ఉంది. కాగితం మీద తేదీ వేసి రాయండి, మార్చిలో చూద్దాం అన్నాను.

సాయంత్రం వాట్సాప్‌లో డైరీ పేజీ ఫొటో పంపింది. ఒకటే వాక్యం: "గ్రిల్ తీయించి అల్యూమినియం రెయిలింగు పెట్టించాలి." కింద ఆయన చేతిరాత: "మనిషి రేపు వస్తాడు. 14,500 అడిగాడు."